మూడో పోస్టు

మా కంపెనీ తయారుచేసేది ఒక చిన్న పెట్టె. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంత. పాత భవనాల గోడల్లో పగుళ్లు వస్తాయి కదా, ఆ పగులుకు అటొక రేకు, ఇటొక రేకు అతికించి ఈ పెట్టెను బిగిస్తారు. పగులు వెడల్పయితే రేకుల మధ్య దూరం పెరుగుతుంది. పెట్టె దాన్ని కొలిచి ఫోనుకు మెసేజ్ పంపుతుంది. అంతే దాని పని. దాని గురించి జనానికి చెప్పడం నా పని. ఎక్స్‌లో, అంటే పాతవాళ్లు ట్విట్టర్ అనే చోట, థ్రెడ్లు రాస్తాను. ఒక పోస్టు కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి, గొలుసులా.

నేను కామాటిపురలో పుట్టాను. మా తాత మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో గోడలు కట్టాడు. నేను కార్పొరేషన్ వాళ్ల తెలుగు బడిలో చదివాను. ఇప్పుడు మా గల్లీ పిల్లల్లో తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లు కూడా తక్కువే, ఇంట్లో కూడా మరాఠీయే మాట్లాడుకుంటారు. అందుకే ఆఫీసులో తెలుగు థ్రెడ్ కూడా ఒకటి కావాలన్నప్పుడు అందరూ నా వైపే చూశారు. నాకు గర్వంగానే అనిపించింది. ఆ గర్వం సంగతి దాచిపెట్టి ఈ కథ చెప్పలేను.

పెట్టెను ముందు కొన్ని ఇళ్లలో ఊరికే పెట్టి చూడాలనుకున్నప్పుడు మా చాల్ పేరు చెప్పింది కూడా నేనే. అమ్మ పోయాక మా ఖోలీ, అంటే మేముండే ఒంటిగది, ఖాళీ చేసి నేను ఫోరస్ రోడ్డు వైపు ఒక గదికి మారాను కానీ, పుట్టి పెరిగిన చాల్ అదే. మూడంతస్తులు, కర్ర దూలాలు, ప్రతి అంతస్తులో ఖోలీల ముందు పొడవాటి గ్యాలరీ, ఆ చివర అందరికీ కలిపి పాయిఖానాలు. రెండో అంతస్తులో మా పక్క ఖోలీ అత్తది. అత్త అంటే చుట్టరికం లేదు. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పనిలో ఉండేది కాబట్టి నాకు అన్నం పెట్టింది అత్తే. మామ మేస్త్రీ పని చేసి, మోకాళ్లు అరిగి మానేశాడు. పిల్లలు లేరు. వాళ్ల గోడలో కిటికీ మూల నుంచి కింది దాకా ఒక పగులు ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది.

పెట్టె బిగించడానికి మా ఇంజనీరు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. మామ అతని చేతిలో టార్చి తీసుకుని తనే పగులు మీద వెలుగు చూపించాడు.

"ఇది ఎక్కువగాదు బాబూ. నీళ్లు పట్టి పగిలింది. మా లాంటోళ్లు కట్టిన గోడ, గంత జల్దీ పడదు," అన్నాడు.

నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఇంజనీరు నవ్వాడు. బయటికి వచ్చాక మాత్రం గ్యాలరీ అంచున నిలబడి పైకి చూశాడు. పై దూలం నల్లగా తడిసి ఉంది.

"మీరు రాసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి," అన్నాడు నాతో. "ఈ పెట్టె ఆ ఒక్క పగులునే చూస్తుంది. దూలం సంగతి దానికి తెలీదు. అది మోగలేదంటే ఆ పగులు కదల్లేదని మాత్రమే అర్థం. భవనం బాగుందని కాదు. మోగకపోవడాన్ని భరోసా అనుకుంటారు జనం. ఆ మాట తప్పకుండా రాయండి."

రాస్తానన్నాను. రాశాను కూడా.

థ్రెడ్ రాయడంలో మొదటి పోస్టే కష్టం. దారిన పోయేవాణ్ని ఆపేది అదే. నా మొదటి ప్రయత్నం "మా సంస్థ రూపొందించిన నూతన పరికరం" అని మొదలైంది. తెలుగు చదవడం వచ్చి, రాయడం రాని మా మేనేజరు దాన్ని చూసి, "ఇది చదివి నేనే ఆగను," అంది. నిజమే. ఎవరికి కావాలి మా సంస్థ సంగతి? చదివేవాడికి కావలసింది వాడి గోడ. నాలుగైదు సార్లు కొట్టేసి చివరికి ఇలా రాశాను:

"మీ గోడలో పగులు ఉందా? అది ఎప్పటిదో అలాగే ఉందా, ఇంకా పెరుగుతోందా? కంటితో చూసి చెప్పడం కష్టం. గోడకు అతికించే ఈ చిన్న పెట్టె దాన్ని రోజూ కొలుస్తుంది. ఎలాగో ఈ థ్రెడ్‌లో చెబుతాను. 1/7"

దాని కింద అత్తవాళ్ల గోడ ఫోటో పెట్టాను. అత్తను అడిగే పెట్టాను. "మా గోడ టీవీల వస్తదా?" అంది.

మిగతా ఆరింటికీ మేనేజరు పెట్టిన నియమం ఒకటే. ప్రతి పోస్టూ తన కాళ్ల మీద తను నిలబడాలి. థ్రెడ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఎవరూ చదవరు. ఎవరో మధ్యలో ఒకటి నచ్చి పంచుకుంటారు, చూసేవాళ్లకు ఆ ఒక్కటే కనిపిస్తుంది. పైది చదివితే కానీ అర్థం కాకపోతే అది వృథా. "పైన చెప్పినట్టు", "అందువల్ల", "దీని తర్వాత" లాంటి మాటలతో పోస్టు మొదలుపెట్టకూడదు. "ఇది" అని రాసే చోట ఏదో చెప్పాలి. ఒక్కో పోస్టులో ఒక్క సంగతే. నేను దానికి ఒక పరీక్ష పెట్టుకున్నాను. స్క్రీన్ మీద ఒక పోస్టు వదిలి మిగతావి అరచేత్తో మూసేసేదాన్ని. మిగిలిన ఒక్కటీ చదివి, ఏమీ తెలియని మనిషికి అర్థమవుతుందా అని చూసుకునేదాన్ని. ఆ పరీక్షను కొత్తగా చేరినవాళ్లకు నేర్పించాను కూడా.

ఇంకో చిక్కు అక్షరాలది. ఒక పోస్టుకు రెండు వందల ఎనభై. మాది డబ్బు కట్టిన ఖాతా కాబట్టి ఇంకా పొడుగ్గా రాయొచ్చు. కానీ రెండు వందల ఎనభై దాటగానే మిగిలింది దాక్కుంటుంది. నొక్కితే కానీ కనపడదు. నొక్కేవాళ్లు ఎంతమంది? తెలుగులో ఇంకా కష్టం. గుణింతం గుర్తు ఒక అక్షరంగా, ఒత్తు ఇచ్చే గుర్తు ఇంకో అక్షరంగా లెక్కకొస్తాయి. మనం ఒక్క అక్షరం అనుకునే 'స్త్రీ' అక్కడ ఆరవుతుంది. ఇంగ్లీషులో సులభంగా పట్టిన సంగతి తెలుగులో బయటికి పొంగుతుంది.

మూడో పోస్టు పొంగింది. ఫోనుకు మెసేజ్ ఎలా వస్తుందో చెప్పే పోస్టు అది. అందులో ఇంజనీరు చెప్పిన మాట కూడా పెట్టాను, ఫోను మోగకపోయినంత మాత్రాన భవనం క్షేమమని అనుకోవద్దని, దూలాలు, స్లాబులు దీనికి కనపడవని. ఎంత కుదించినా గీత దాటుతూనే ఉంది. ఒక వాక్యం తీసెయ్యాలి. ఏది తియ్యాలి? చివర్లో నేను రాసిన వాక్యం ఒకటి నాకు చాలా నచ్చింది. పొద్దున్నుంచి రాసినవాటిలో మనిషి గొంతుతో వినిపించింది అదొక్కటే. దాన్ని ఉంచాను. ఇంజనీరు మాటను ఆరో పోస్టుకు పంపించాను. ఆరోదానిలో చోటుంది, ఒక్కో పోస్టుకు ఒక్కో సంగతి అన్న నియమం కూడా కుదిరింది. నా మనసుకు శుభ్రంగా సర్దినట్టే అనిపించింది.

మూడోది చివరికి ఇలా తయారైంది:

"పగులు పెరిగితే పెట్టె మీ ఫోనుకు వెంటనే మెసేజ్ పంపుతుంది. పెరగకపోతే పంపదు. గోడ వంక చూస్తూ భయపడే రోజులు పోయాయి. మీ ఫోను మోగలేదా? హాయిగా కంటి నిండా నిద్రపోండి. 3/7"

ఆరోది ఇలా:

"పెట్టె తనను అతికించిన పగులును మాత్రమే కొలుస్తుంది. దూలాలు, స్లాబులు, మెట్లు దానికి కనపడవు. పెట్టె మోగకపోతే భవనం క్షేమమని కాదు. ఆ మాట ఇంజనీరు వచ్చి చూసి చెప్పాలి. ఖాళీ చెయ్యమని నోటీసు వస్తే ఖాళీ చెయ్యండి. 6/7"

అరచెయ్యి అడ్డం పెట్టి మూడోది చదివాను. చక్కగా నిలబడింది. ఇంకేమీ అక్కర్లేనంత బాగా నిలబడింది. ఆరోది కూడా చదివాను. అదీ నిలబడింది. ఇంజనీరుకు ఏడూ కలిపి హిందీలో చదివి వినిపించాను. అన్నీ వరసగా విన్నాడు కాబట్టి అతనికి లోపం కనపడలేదు. మేనేజరు సరేనంది. ఏడు పోస్టులూ ఒకేసారి పంపే మీట నొక్కాను.

హైదరాబాదులో చాలామంది అనుసరించే ఖాతా ఒకటి మూడోదాన్ని పంచుకుంది, మూడోదాన్ని మాత్రమే. ఒక్కో పోస్టు కింద ఎంతమంది చూశారో కనిపిస్తుంది. మూడోది మొదటిదాన్ని దాటిపోయింది. ఆరోదాని కింద అంకె చూస్తే జాలి వేసేలా ఉంది. ఆఫీసులో అందరూ నా దగ్గరికి వచ్చి అభినందించారు. మేనేజరు మూడో పోస్టును తెర మీద వేసి, "పోస్టు ఒంటరిగా నిలబడటం అంటే ఇదీ," అంది. ఆరోదాని అంకె నాకు కనపడలేదని చెప్పను. కనిపించింది. ఆ రోజు సాయంత్రం దాన్ని కూడా ఎవరైనా పంచుకుంటే బాగుండు అనుకున్నాను. అనుకుని ఇంటికి పోయాను.

వానలు మొదలయ్యే ముందు ప్రతి ఏడూ వచ్చినట్టే ఆ ఏడు కూడా మా చాల్ గేటుకు నోటీసు అతికించారు. భవనం ప్రమాదకరంగా ఉంది, ఖాళీ చెయ్యండి అని. ప్రతి ఏడూ వస్తుంది కాబట్టి ప్రతి ఏడూ ఎవరూ కదలరు. సర్కారు ఎక్కడో దూరంగా ఇచ్చే గదుల్లోకి పోతే మళ్లీ తిరిగి రానివ్వరని భయం. కానీ ఆ ఏడు అత్త భయపడింది. వానాకాలం నాలుగు నెలలు ధారావిలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోదామని మామను ఒప్పించింది. పరుపు చుట్టింది, గిన్నెలు మూట కట్టింది. ఆ ఆదివారం వాళ్లను పంపించి వద్దామని నేను వెళ్లాను.

వెళ్లేసరికి పరుపు మళ్లీ పరిచి ఉంది. మామ దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"పోతలేరా అత్తా?" అన్నాను.

"ఎందుకు పోవాలె?" అంది అత్త నవ్వుతూ. ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. చాల్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన బొమ్మ. మూడో పోస్టు. "ఇది నువ్వు రాసినవంట గదా. కింది ఖోలీ పిల్ల చెప్పింది. మీ మామ రెండుసార్లు చదివిండు."

"మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నాడు మామ. "నేను ముందే అన్న గద, గోడకేం కాదని. నీ డబ్బా మోగలే. మోగినప్పుడు పోదాం."

అత్త టీ పెట్టడానికి స్టవ్ దగ్గరికి వెళ్లింది. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. నేను చెప్పాల్సింది నాకు తెలుసు. చెప్పాను కూడా, కానీ ఎలా చెప్పాను?

"అదొక్కటే కాదు మామా, దాని కింద ఇంకా ఉన్నయి. దూలం సంగతి అది చూడదు."

"దూలం నేను జూస్త," అన్నాడు మామ. "నలభై ఏండ్ల మేస్త్రీని. నువ్వు గోడ జూడు."

ఇద్దరం నవ్వాం. నేను ఫోను తీసి ఆరో పోస్టు తెరిచి అతని చేతిలో పెట్టి ఉండాల్సింది. పరుపు నేనే చుట్టి ఉండాల్సింది. అవేవీ చెయ్యలేదు. నేను రాసిన తెలుగును మా మామ రెండుసార్లు చదివాడన్న సంతోషం నన్ను ఆపింది. అత్త వచ్చి నాకూ టీ పోసింది. తాగి వచ్చేశాను.

అది జరిగింది జూలైలో, ఒక మధ్యాహ్నం. మూడు రోజుల వాన కాస్త తెరిపిచ్చింది. మామ గ్యాలరీలో స్టూలు వేసుకుని కూర్చున్నాడట. పాయిఖానా పైపు నుంచి ఏళ్ల తరబడి నీళ్లు కారి లోపల్లోపలే కుళ్లిన దూలం ఒకటి విరిగి, రెండో అంతస్తు గ్యాలరీ ఆ చివర నుంచి అత్తవాళ్ల గడప దాకా కిందికి జారిపోయింది. అత్త లోపల బియ్యం ఏరుతోంది. ఆమెకు ఏమీ కాలేదు. తలుపు ఇవతల ఇల్లు ఉంది, అవతల ఏమీ లేదు. ఫైర్ బ్రిగేడ్ వాళ్లు నిచ్చెన వేసి కిటికీలోంచి ఆమెను దించారు. మామను బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

నాకు కింది ఖోలీ పిల్ల ఫోన్ చేసింది. పరుగెత్తుకుంటూ వెళ్లాను. గల్లీ మొదట్లోనే తాడు కట్టి ఆపేశారు. అక్కడి నుంచి తల ఎత్తి చూస్తే, ముందు భాగం ఊడిపోయిన చాల్‌లో అత్తవాళ్ల తలుపు తెరుచుకుని ఉంది. లోపల గోడ కనిపిస్తోంది. గోడ మీద పగులు, పగులు మీద మా పెట్టె, దాని మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంది.

మర్నాడు ఆఫీసులో ఇంజనీరు ఆ పెట్టె కొలతలు తెరిచి చూపించాడు. గీత నేరుగా ఉంది. గ్యాలరీ కూలిన నిమిషంలో కూడా పగులు వెంట్రుక వాసి కదల్లేదు. పెట్టె ఏ తప్పూ చెయ్యలేదు. అతను కుర్చీలో కూలబడి, "రాయమన్నాను కదా," అన్నాడు. తర్వాత తనే, "రాశారు. నాకు చదివి వినిపించారు," అన్నాడు.

ఆ పూటే మూడో పోస్టును తీసేశాను. థ్రెడ్ మధ్యలోంచి ఒకటి తీసేస్తే మిగతావి పోవు. రెండోదానికీ నాలుగోదానికీ నడుమ, ఈ పోస్టును రాసినవారు తొలగించారని చిన్న బూడిదరంగు గీత మిగులుతుంది. కానీ ఆ బొమ్మలు ఫోన్లలో ఉన్నాయి. వాట్సాప్‌లో తిరుగుతున్నవాటిని నేను తియ్యలేను. అందుకని దిద్దుబాటు రాస్తానన్నాను. థ్రెడ్ అడుగున కాదు, విడిగా, కొత్త మొదటి పోస్టుగా, మా ఖాతా పైభాగంలో కదలకుండా నిలబెట్టి. మేనేజరు చెడ్డ మనిషి కాదు. ఆమె కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"లాయరుతో మాట్లాడాం. కొన్నాళ్లు ఏమీ రాయొద్దన్నాడు. మనం రాస్తే ఒప్పుకున్నట్టవుతుందట," అంది.

"ఇంకా చాలా ఇళ్లలో ఆ డబ్బాలు ఉన్నాయి మేడం. వాళ్లూ అదే చదివి ఉంటారు."

"వాళ్లందరికీ ఫోన్ చేయిస్తాం."

చేయించింది, ఆ మాట నిలబెట్టుకుంది. కానీ ఆ పోస్టు చదివినవాళ్లు పెట్టె ఉన్నవాళ్లు మాత్రమే కాదు కదా. నా సొంత ఖాతాలో రాసుకున్నాను. ఒక్కటే పోస్టు. రెండు వందల డెబ్బై చిల్లర అక్షరాలు. "గోడకు అతికించే పెట్టె మోగకపోతే నిశ్చింతగా ఉండమని రాసింది నేను. ఆ మాట తప్పు" అని మొదలుపెట్టాను. దాన్ని పట్టుమని పదిమంది కూడా చూడలేదు. చూసినవాళ్లలో ఒకరు కింద, "మీరెవరు?" అని అడిగారు.

అత్త ఇప్పుడు ధారావిలో చెల్లెలి దగ్గరే ఉంటోంది. పోదామని పరుపు చుట్టుకున్న ఇంటికే, మామ లేకుండా. నేను నెల దాకా వెళ్లలేకపోయాను. వెళ్లిన రోజు ఆమె కింద కూర్చుని చెల్లెలితో కలిసి సంచులకు హ్యాండిళ్లు కుడుతోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. తిట్టలేదు.

"తిన్నవా?" అంది.

"అత్తా, అది నా తప్పు," అన్నాను. "ఆ రాతలో ఒక మాట తీసేసిన. అది ఉంటే మామ..."

ఆమె సూది ఆపలేదు. "డబ్బా ఎందుకు మోగలే బిడ్డా?" అని అడిగింది.

"అది గోడనే చూస్తదత్తా. గ్యాలరీని చూడదు."

"గట్లనా," అంది. దారం కొరికి ఇంకో సంచి తీసుకుంది. "నాకెవ్వరు చెప్పలే."

కోపంతో అనలేదు. ఇంకే భావంతోనూ అనలేదు. ఆమెకు నిజంగానే ఎవరూ చెప్పలేదు. ఆ ఆదివారం నేను దూలం మాట అన్నది మామతో, నవ్వుతూ, ఆమె స్టవ్ దగ్గర ఉన్నప్పుడు. నేను అన్నానని ఇప్పుడు గుర్తుచెయ్యలేదు. ఆమె అన్నం పెట్టింది. తిన్నాను.

ఉద్యోగం మానలేదు. మానేస్తే ఏమవుతుంది, ఇంకెవరో రాస్తారు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే నాకు ఇంకో పని రాదు. మొన్న కంపెనీ కొత్త పరికరం ఒకటి తెచ్చింది, పై కప్పులో తేమ కొలిచేది. మళ్లీ థ్రెడ్ అడిగారు. ఏడు పోస్టులు రాశాను. ఏడింటిలోనూ, ఇది ఏం చూడదో, దేన్ని నమ్మి ఆగిపోకూడదో రాశాను. ఏ ఒక్కటి విడిగా ఎవరి చేతికి చిక్కినా ఆ హెచ్చరిక కూడా దానితోనే వెళ్లాలని. ఒక్కోదానిలో సగం దానికే పోయింది. పరికరం గురించి చెప్పడానికి చోటు మిగల్లేదు.

మేనేజరు ఏడూ చదివింది.

"నువ్వు ఎందుకిలా రాశావో తెలుసు," అంది మెల్లగా. "కానీ ఏడుసార్లు ఒకే మాటయితే మొదటిదాని దగ్గరే అందరూ వెళ్లిపోతారు. ఎవరికీ ఏదీ చేరదు. చివరి పోస్టులో ఒక్కసారి ఉంచుదాం."

నేను వాదించాను. ఓపిగ్గా విన్నది. నా దగ్గరున్నంత గట్టి ఆధారం ఇంకెవరి దగ్గర ఉంటుంది? అయినా ఆమె చెప్పిందీ అబద్ధం కాదు. మొదటి పోస్టు దగ్గరే జనం వెళ్లిపోతే చివరికి ఆ హెచ్చరికను కూడా ఎవరూ చదవరు. ఎటు రాసినా చేరాల్సినవాడికి చేరదు. ఇన్నేళ్లు నేను చేసిన పని ఇదని అప్పుడు తెలిసింది.

ఆమె ఆరు పోస్టుల్లోంచి ఆ వాక్యాలు తీసేసింది. నా పక్కనే కూర్చుని, ఒక్కోదానికీ నన్ను అడిగే తీసింది. ఆరుసార్లూ సరేనన్నాను. తీసేశాక థ్రెడ్ మొదటి నుంచి చదివాను. చదవడానికి చాలా బాగుంది.